1862 రూపాయి ఫొటో ఒక్కటి: అదేమిటి, ఎప్పటిది, ఎంతకు పోతుంది

(పాత నాణేల సేకరణ మీద జరిగిన ఒక సాయంత్రపు సభలో ఇచ్చిన ప్రసంగానికి లిఖిత రూపం. చివర్లో సభికుల ప్రశ్నలు కొన్ని ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. తెర మీద ఒక ఫొటో పెట్టాను. తెల్ల కాగితం మీద ఒక వెండి నాణెం, బొరుసు వైపు మాత్రమే. చుట్టూ పూలతీగ, మధ్యలో ఇంగ్లీషు అక్షరాల్లో "వన్ రూపీ ఇండియా", కింద 1862. ఫొటో తీసినవాళ్ళు నాణేన్ని పెద్దగా చూపించాలని అంచుల దాకా కత్తిరించేశారు. పైభాగంలో, పన్నెండు గంటల దగ్గర, అంచున నల్లటి మచ్చ లాంటిది సగం కనిపిస్తోంది, సగం ఫొటో బయటికి పోయింది. దాని కింద ఒక్క వాక్యం: "160 ఏళ్ళ నాటి నాణెం, ఎంత వస్తుందో చెప్పండి."

ఈ ఒక్క వాక్యంలో మూడు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. ఇదేమిటి, ఎప్పటిది, ఎంత చేస్తుంది. మూడూ ఒకదాని వెనక ఒకటి వాటంతట అవే వచ్చేస్తాయని అడిగినవాళ్ళ నమ్మకం: పేరు తెలిస్తే వయసు తెలుస్తుంది, వయసు తెలిస్తే ధర తెలుస్తుంది అని. అలా జరగదు. ఒక్కో ప్రశ్నకు ఒక్కో రకం ఆధారం కావాలి. ఈ ఫొటో మొదటిదానికి బాగా పనికొస్తుంది, రెండోదానికి సగం పనికొస్తుంది, మూడోదానికి దాదాపు పనికిరాదు.

ముందు గుర్తింపు చూద్దాం. బొరుసు ఒక్కటే ఉన్నా ఇది ఏ రకం నాణేన్ని చూపిస్తోందో చెప్పేయొచ్చు. బ్రిటిష్ ఇండియా రూపాయి, విక్టోరియా రాణి కాలపు నమూనా. బొమ్మ వైపు చూడకుండానే అటు ఏముండాలో కూడా చెప్పగలం: కిరీటం పెట్టుకుని ఎడమ వైపు చూస్తున్న రాణి, అటూ ఇటూ "విక్టోరియా", "క్వీన్" అన్న మాటలు. ఆమెను సామ్రాజ్ఞిగా ప్రకటించాక, 1877 నుంచి "క్వీన్" పోయి "ఎంప్రెస్" వచ్చింది. కాబట్టి 1862 అంకెతో పాటు రెండో వైపు "ఎంప్రెస్" అని ఉంటే ఆ నాణెం టంకశాలలో పుట్టింది కాదు, పని అక్కడితో ముగుస్తుంది. అంకె వైపు మాత్రమే ఫొటో పంపడంలో ఉన్న ఇబ్బంది ఇదే. రెండు వైపులూ ఒకదానికొకటి సాక్ష్యం చెప్పుకోవాలి, ఇక్కడ ఒక సాక్షి రాలేదు.

రకం తెలిసింది సరే, అందులో ఉపరకం తెలియాలంటే ఇంకా దగ్గరికి వెళ్ళాలి. ఈ 1862 రూపాయిల్లో రాణి గౌను ముందుభాగపు అల్లిక ఒకేలా ఉండదు, అచ్చుల్లో తేడాలున్నాయి. బొరుసు వైపు పైనున్న పువ్వు రేకుల తీరులోనూ తేడాలున్నాయి. అన్నిటికంటే ముఖ్యం చుక్కలు. కొన్ని నాణేల్లో సంవత్సరం కింద సన్నటి చుక్కలుంటాయి, కొన్నిట్లో పైభాగంలో కూడా ఉంటాయి, కొన్నిట్లో ఎక్కడా ఉండవు. సేకర్తలు "పైన రెండు, కింద ఒకటి" అన్నట్టు పై చుక్కలు, కింది చుక్కలు లెక్కపెట్టి రాసుకుంటారు. ఈ చుక్క ఆవగింజలో సగం కూడా ఉండదు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటోను యాప్ కుదించేస్తుంది, ఆ కుదింపులో చుక్క మాయమవుతుంది. లేదా మురికి రేణువు చుక్కలా కనిపిస్తుంది. అందుకే ఫొటోను డాక్యుమెంట్‌గా పంపమంటాం, అప్పుడు అసలు ఫైలే వస్తుంది.

ఇప్పుడు ఈ ఫొటోలో తేదీ కింద ఒక మచ్చ ఉంది. చుక్కా, మురికా? పెద్దది చేస్తే గళ్ళు గళ్ళుగా విడిపోతోంది. కాబట్టి చెప్పను. "1862 రూపాయి, చుక్కలు నిర్ధారించలేదు" అని రాస్తాను. చెప్పకపోవడం చేతకానితనం అనుకుంటారు కొందరు, కానీ ధరలో అసలు తేడా తెచ్చేది ఆ చుక్కలే. ఊహించి రాస్తే దాని మీద ఎవరో డబ్బు పెడతారు.

ఇక్కడే ఇంకో గీత గీయాలి. "ఇది ఫలానా రకం" అనడం వేరు, "ఇది అసలైనది" అనడం వేరు. ఫొటోలో ఉన్నది ఫలానా రకపు బొమ్మ. ఆ బొమ్మను టంకశాల కొట్టిందా, నిన్న ఎవరైనా పోత పోశారా అన్నది ఫొటో నిర్ధారించదు. అనుమానించడానికి మాత్రం పనికొస్తుంది. అక్షరాల అంచులు మెత్తగా, సబ్బు మీద చెక్కినట్టు ఉంటే, ఖాళీ చోట సూదిమొన గుంటలు చల్లినట్టు ఉంటే పోత అని అనుమానించాలి. పోతలో కరిగిన లోహం నుంచి గాలి బుడగలు వస్తాయి, అవే ఆ గుంటలు. అచ్చు కొట్టిన నాణెంలో లోహం ఒత్తిడికి అచ్చులోకి పారుతుంది కాబట్టి ఖాళీ చోటు నునుపుగా, అక్షరం నిటారుగా ఉంటుంది. అనుమానం తీరేది మాత్రం చేతిలో పట్టుకుని తూచినప్పుడే.

తూకం దగ్గరికి వద్దాం, ఇది మనవాళ్ళకు సులువుగా గుర్తుండే లెక్క. 1833లో తులాన్ని 180 గ్రెయిన్లుగా స్థిరపరిచారు. అది రూపాయి బరువే. అంటే ఒక రూపాయి ఒక తులం, 11.66 గ్రాములు. ఇప్పుడు చాలా దుకాణాల్లో తులమంటే పది గ్రాములు అంటున్నారు గానీ, రూపాయిది పాత తులం. అందులో పన్నెండు పాళ్ళకు పదకొండు పాళ్ళు వెండి, ఒక పాలు రాగి. నూటికి 91.7 వెండి అన్నమాట. అడ్డంగా కొలిస్తే 30 మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ, అంచు మీద నిలువు గీతలు.

బంగారం దుకాణాల్లో వాడే, గ్రాములో నూరో వంతు చూపించే చిన్న డిజిటల్ కాటా మీద పెట్టండి. కొత్త నాణెమైతే 11.66 దగ్గర రావాలి. చేతులు మారి అరిగినది కాస్త తగ్గుతుంది, అది సహజం. చూడాల్సింది బరువూ అరుగుదలా పొత్తు కుదిరాయా అని. రాణి జుట్టు, గౌను మీద అల్లిక చెక్కుచెదరకుండా ఉండి బరువు మాత్రం 10.9 ఉంటే తేడా ఉన్నట్టే. అరగని నాణెం బరువు ఎక్కడ పోగొట్టుకుంది? అదే, ముఖం అంతా నున్నబడిపోయి 11.3 ఉంటే నమ్మొచ్చు.

బరువు సరిపోయినా లోహం వేరే అవ్వొచ్చు. జర్మన్ సిల్వర్ పేరుకే సిల్వర్, అందులో వెండి ఉండదు. రాగి, నికెల్, జింకు. అయస్కాంతం పెట్టి చూస్తారు చాలామంది. వెండి అంటుకోదు, రాగి అంటుకోదు, జర్మన్ సిల్వర్ కూడా మామూలుగా అంటుకోదు. అంటుకుంటే ఇనుము ఉందని తెలుస్తుంది, అంటుకోకపోతే ఏమీ తెలియదు. అంతకంటే నీళ్ళ పరీక్ష మేలు, నాణేనికి హాని లేదు, ఇంట్లో చేసుకోవచ్చు.

కాటా మీద నీళ్ళ గ్లాసు పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్నటి దారంతో కట్టి, చేత్తో కాకుండా ఏదైనా కర్రకు వేలాడదీసి, పూర్తిగా నీళ్ళలో మునిగేలా దించండి. అడుగుకూ గోడకూ తగలకూడదు. బుడగలు అంటుకుని ఉంటే మెల్లగా కదిపి పోగొట్టండి. అప్పుడు కాటా చూపించే అంకె నాణెం పక్కకు నెట్టిన నీటి బరువు. నాణెం బరువును దాంతో భాగిస్తే సాంద్రత వస్తుంది. 11.66 గ్రాముల రూపాయికి కాటా సుమారు 1.13 చూపించాలి, భాగిస్తే 10.3 వస్తుంది. అదే బరువున్న జర్మన్ సిల్వర్ బిళ్ళకు 1.35 దగ్గర వస్తుంది, సాంద్రత 8.6, 8.7 మధ్య. ఆ తేడా చిన్న కాటాకు కూడా దొరికిపోతుంది.

ఇప్పుడు దీని హద్దు. కాటా 1.13కు బదులు 1.15 చూపించినా, 1.11 చూపించినా సాంద్రత 10.1 నుంచి 10.5 దాకా మారిపోతుంది. కాబట్టి ఇది 91.7 వెండి, 90 వెండి అని విడదీయడం ఈ పరీక్ష వల్ల కాదు. "వెండికి దగ్గర, జర్మన్ సిల్వర్ కాదు" అనే దాకా చెబుతుంది. ఇంకోటి, నిజం వెండితోనే నకిలీ కొట్టేవాళ్ళున్నారు. వాళ్ళ ముందు నీళ్ళ గ్లాసు ఏమీ చేయలేదు. నగల దుకాణంలోని క్యారట్ మిషన్ శాతం చూపిస్తుంది, కానీ అది చూసేది పైపొరనే. పాత వెండి పైన రాగి తగ్గి వెండి శాతం పెరిగి ఉండటం మామూలే, అందుకని 91.7 కంటే ఎక్కువ చూపించిందని కంగారు పడక్కర్లేదు. మందంగా వెండి పూత వేసినది కూడా పాసైపోవచ్చు. అందుకే తూకం, నీళ్ళు, మిషన్ మూడూ ఒకే మాట చెప్పాలి.

ఇక రెండో ప్రశ్న, ఎప్పటిది. నాణెం మీద 1862 ఉంది కదా, ఇంకేం కావాలి అంటారు. కావాలి. 1862 అన్న అంకెతో రూపాయలు ఆ ఒక్క ఏడాదే కొట్టలేదు. అచ్చు మీద తేదీని అలాగే ఉంచేసి ఏళ్ళ తరబడి కొడుతూ పోయారు. మళ్ళీ ఏ ఏటి తేదీ ఆ ఏడు వేయడం మొదలైంది 1874లో. ఇందాకటి చుక్కల సంగతి ఇక్కడ అక్కరకొస్తుంది: మారని తేదీ వెనక నిజంగా కొట్టిన ఏడాదిని గుర్తుపెట్టుకోవడానికి టంకశాల ఆ చుక్కలు వాడిందన్నది సేకర్తలు చెప్పే వివరణ. అంతకుముందు ఈస్ట్ ఇండియా కంపెనీ పేరుతో వచ్చిన 1840 రూపాయిదీ ఇదే కథ, అదే తేదీతో చాలా ఏళ్ళు నడిచింది.

కాబట్టి ఈ ఫొటో చూసి నిజాయితీగా రాయగలిగింది ఇంత: "నాణెం అసలైనదైతే 1862కు ముందుది కాదు, 1874 లోపుది కావడానికే అవకాశం." సరిగ్గా 160 ఏళ్ళని కాదు, పదేళ్ళ పైచిలుకు కాలంలో ఎప్పుడో. చుక్కలు స్పష్టంగా కనిపిస్తే ఆ కాలాన్ని ఇంకా కుదించొచ్చు. మొదట్లోని "అసలైనదైతే" అన్న మాట చాలామంది రాయరు. తేదీ నాణెం గురించి కాదు, నమూనా గురించి చెబుతుంది. మొన్న పోత పోసిన బిళ్ళ మీద కూడా 1862 అనే ఉంటుంది.

అరుగుదల చూసి వయసు చెప్పేవాళ్ళు కూడా ఉన్నారు. "ఎంత అరిగిందో చూడండి, ఎంత పాతదో" అని. అరుగుదల ఎన్ని చేతులు మారిందో చెబుతుంది, ఎన్నేళ్ళయిందో చెప్పదు. పెట్టెలో మూట కట్టి పెట్టిన 1862 రూపాయి మెరుస్తూ ఉండొచ్చు, సంతల్లో తిరిగిన 1900 నాటిది నున్నగా అయిపోవచ్చు. నలుపు సంగతీ అంతే. వెండి గాలిలోని గంధకంతో కలిసి నల్లబడుతుంది. కొత్త వెండిని రసాయనంలో ముంచి ఒక్క పూటలో నల్లగా చేయొచ్చు. అలా చేసిన నలుపు అక్షరాల మీదా ఖాళీ చోటా ఒకే తీరున ఉంటుంది. వాడకంలో వచ్చిన నలుపు పల్లపు చోట్ల నిలిచి, వేళ్ళు తగిలే ఎత్తుల మీద పలచబడుతుంది. ఇదీ సూచనే, రుజువు కాదు.

మూడోది, అందరూ ఎదురుచూసేది, విలువ. (నవ్వులు)

దీన్ని అంతస్తుల్లా పేర్చి చూడాలి. అడుగున కరిగే ధర. 11.66 గ్రాముల్లో నికర వెండి 10.69 గ్రాములు. ఈరోజు గ్రాము వెండి ధరతో దాన్ని గుణిస్తే అదే అడుగు. లెక్క కోసం మాత్రమే గ్రాము వంద రూపాయలనుకుందాం: 1,069 రూపాయలు. అరిగి 11.40 గ్రాములే ఉంటే నికర వెండి 10.45, అంటే 1,045. దుకాణదారు కరిగించే ఖర్చు, తన లాభం తీసి ఇంకా తక్కువే ఇస్తాడు, అందులో మోసమేమీ లేదు. ఈ అడుగు వెండి ధరతో పాటు రోజూ కదులుతుంది, కాబట్టి పాత వ్యాసాల్లో రాసిన ధరలు పట్టుకుని కూర్చోకండి.

పై అంతస్తు సేకర్తల ధర. ఇది మూడిటి మీద ఆధారపడుతుంది: ఉపరకం, స్థితి, ఆ సమయంలో కొనేవాళ్ళెవరున్నారు అన్నది. 1862 రూపాయి మొత్తం మీద అరుదైన నాణెం కాదు. ఒక అచ్చు తేదీతో ఏళ్ళ తరబడి కొట్టారు కాబట్టి ఊరూరా దొరుకుతుంది. వయసు ఎక్కువైతే ధర ఎక్కువని అనుకోవడం ఇక్కడే బోల్తా కొడుతుంది. వెయ్యేళ్ళ పైబడిన రాగి నాణేలు కూడా గుట్టలుగా దొరికి చవగ్గా పోయేవి ఉన్నాయి. ధరను పెంచేది వయసు కాదు, కావాలనుకునేవాళ్ళ కంటే నాణేలు తక్కువ ఉండటం. చుక్కల్లో కొన్ని కూర్పులు మాత్రం తక్కువగా దొరుకుతాయి, వాటికి మామూలు రూపాయి కంటే చాలా ఎక్కువ పెడతారు. మన ఫొటోలో తేలనిది సరిగ్గా అదే.

స్థితి మాటకొస్తే, అంచున కనిపిస్తున్న నల్ల మచ్చ దగ్గరికి మళ్ళీ వద్దాం. మన ఇళ్ళల్లో వెండి రూపాయలను దండలుగా కట్టేవాళ్ళు, మొలతాడుకు వేసేవాళ్ళు, గొలుసుకు బిళ్ళగా పెట్టుకునేవాళ్ళు. అందుకోసం పైన చిన్న కొక్కేన్ని టంకం పెట్టి అతికిస్తారు. కొక్కెం తీసేశాక ఆ చోట టంకం ముద్ద మిగులుతుంది, లేదా దాన్ని ఆకురాయితో గీసేస్తే అంచు మీది గీతలు అక్కడ ఒక్కచోట చదునైపోతాయి. కొన్నిటికి చిల్లు పెట్టి, తర్వాత వెండితో పూడ్చేస్తారు. వెలుతురుకు వాలుగా పట్టి చూస్తే పూడ్చిన చోట అక్షరం గీత తెగి, చేత్తో చెక్కినట్టు కనిపిస్తుంది. ఇలాంటి గుర్తు ఉందంటే సేకర్తల ధర బాగా పడిపోతుంది, మామూలు ఉపరకమైతే కరిగే ధర దగ్గరికే వచ్చి ఆగుతుంది. ఫొటోలో మచ్చ టంకమే అని నేననడం లేదు, ఉన్న చోటు మాత్రం సరిగ్గా కొక్కెం పెట్టే చోటు. అంచు పక్కనుంచి ఒక ఫొటో ఉంటే సగం అనుమానం తీరిపోయేది.

శుభ్రం చేయడం గురించి గట్టిగా ఒక మాట. ఫొటో తీసే ముందు టూత్‌పేస్టు, విభూతి, చింతపండు, గిన్నెల పౌడరు, ఏదీ పెట్టకండి. విభూతీ టూత్‌పేస్టూ సన్నటి రాపిడి పొడులే. నలుపుతో పాటు నాణెం పైచర్మాన్ని గీసేస్తాయి. దీపం కింద తిప్పి చూస్తే ఒకే దిక్కుగా వెంట్రుకల్లాంటి గీతలు కనిపిస్తాయి. అలా తోమిన నాణెం ఫొటోలో మరీ తెల్లగా, అక్షరాల మూలల్లో మాత్రం నల్లగా కనిపించి పట్టిస్తుంది. పోయిన పైచర్మం మళ్ళీ రాదు. మట్టి అంటుకుని ఉంటే మంచినీళ్ళలో కాసేపు ఉంచి, రుద్దకుండా మెత్తటి గుడ్డ మీద ఆరనివ్వండి, అంతకు మించి వద్దు.

అడిగే ధరకూ అమ్ముడైన ధరకూ తేడా గుర్తుపెట్టుకోవాలి. అమ్మకపు సైట్లో ఎవరో 1862 రూపాయికి లక్షలు అడిగితే అది ఆయన కోరిక. ఎవరైనా అంత ఇచ్చారా అన్నది ప్రశ్న. చూడాల్సింది వేలంపాటల్లో నిజంగా పలికిన ధరలు, అవీ అదే చుక్కల కూర్పు, అదే స్థాయి స్థితి ఉన్నవి. వేలంలో పలికిన ధరకు కొన్నవాళ్ళు కమిషన్, జీఎస్టీ అదనంగా కడతారు. అమ్మినవాళ్ళ చేతికి అమ్మకపు కమిషన్ పోగా మిగిలింది వస్తుంది. ఒకే నాణేనికి మూడు అంకెలు, మూడూ నిజమే. మీరు ఏ అంకె చెబుతున్నారో చెప్పాలి.

ఇంతా అయ్యాక ఈ ఫొటోకు జవాబు ఎలా రాస్తాను? మూడు విడి వాక్యాలుగా రాస్తాను, ఒకదాన్ని ఇంకోదాంట్లో కలపను.

"గుర్తింపు: బొరుసును బట్టి 1862 తేదీ ఉన్న విక్టోరియా రూపాయి నమూనా, ఇది దాదాపు ఖాయం. చుక్కలు నిర్ధారించలేదు, అసలైనదో కాదో ఫొటోతో తేలదు. కాలం: అసలైనదైతే 1862 నుంచి 1873 మధ్య కొట్టినది కావచ్చు. విలువ: ఇప్పుడు చెప్పలేను. వెండి అని తేలితే కరిగే ధర అడుగు. అంచున టంకం గుర్తు ఉన్నట్టు అనుమానం; ఉంటే సేకర్తల అదనపు ధర చాలా తగ్గుతుంది."

దాని కింద నాకేం కావాలో అడుగుతాను. బొమ్మ వైపు, బొరుసు వైపు, అంచు చుట్టూ మూడు నాలుగు చోట్ల, తేదీ దగ్గరగా ఒకటి. కిటికీ పక్కన పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా. ఫ్లాష్ వెండి మీద పడితే మధ్యలో తెల్లటి మచ్చయి వివరమంతా మింగేస్తుంది. ఫోన్‌ను నాణేనికి మరీ దగ్గరగా తీసుకెళ్తే లెన్సు అంచుల్ని సాగదీస్తుంది, పైగా ఫోన్ నీడ పడుతుంది. జానెడు దూరంలో, నిటారుగా పైనుంచి, రెండింతల జూమ్‌లో తీయండి. పక్కన స్కేలు పెట్టండి. ఫోను తనంతట తాను మెరుగులు దిద్దే సెట్టింగులు ఆపేయండి, లేని గీతలకు పదును పెట్టేస్తాయి. గ్రాముల్లో రెండు దశాంశాల దాకా బరువు రాయండి. ఇవన్నీ వస్తే మొదటి ప్రశ్నకు పూర్తి జవాబు, రెండోదానికి ఇంకాస్త, మూడోదానికి ఒక శ్రేణి ఇవ్వొచ్చు. శ్రేణి అంటున్నాను, ఒక్క అంకె కాదు. స్థితిని ఫొటోలో చూసి ఒక మెట్టు అటూ ఇటూగానే చెప్పగలం. ఆ ఒక్క మెట్టుకే ధర రెట్టింపయ్యే నాణేలున్నాయి.

సరే, ప్రశ్నలు అడగండి.

ప్రశ్న: అండీ, మా ఇంట్లో చార్మినార్ బొమ్మ ఉన్న వెండి రూపాయి ఉంది. మీద 1330 అని ఉర్దూ అంకెల్లో ఉందట. ఏడు వందల ఏళ్ళ నాటిదేనా?

చార్మినార్ కట్టిందే 1591లో కదండీ. (నవ్వులు) ఆ 1330 హిజ్రీ సంవత్సరం. హిజ్రీ ఏడాది మన ఏడాది కంటే సుమారు పదకొండు రోజులు చిన్నది, కాబట్టి ఊరికే 579 కలిపితే కుదరదు. హిజ్రీ సంఖ్యను 0.97తో గుణించి 622 కలపండి: 1,290 ప్లస్ 622, అంటే 1912. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కింది 1911లో, కాబట్టి తొలి రోజుల నాణెం. చార్మినార్ ద్వారం మధ్యలో ఒక చిన్న అక్షరం ఉంటుంది. ఆయన నాణేల్లో అది అయిన్, ఆయన తండ్రి మహబూబ్ అలీ ఖాన్ నాణేల్లో మీమ్. 1330 నాణేల్లో ఆ అయిన్ కురచగా ఉన్నవీ, పూర్తిగా ఉన్నవీ రెండూ ఉన్నాయి, కాబట్టి ద్వారం దగ్గరి ఫొటో తీయండి. ఇంకో సంగతి, ఆ నాణెం మీద 92 అన్న అంకె కూడా ఉంటుంది. అది ఏడాది కాదు, ముహమ్మద్ అన్న పేరులోని అక్షరాల విలువలు కూడితే వచ్చే సంఖ్య. బరువు కూడా వేరే: 11.18 గ్రాములు, వెండి 81.8 శాతం. మన తెలంగాణ పెద్దవాళ్ళు నిజాం రూపాయిని హాలీ అనీ, బ్రిటిష్ రూపాయిని కల్దార్ అనీ విడదీసి చెప్పేవారు. మీ దగ్గరున్నది హాలీ, తెర మీదున్నది కల్దార్. 11.66 రాలేదని నకిలీ అనుకునేరు.

ప్రశ్న: కంపెనీ వాళ్ళ 1818 నాణెం, ఒకవైపు రాముడి పట్టాభిషేకం ఉన్నది. కోట్లు ఇస్తామంటున్నారు.

ఇది ఎక్కడికెళ్ళినా వచ్చే ప్రశ్నే. రాములవారు, ఆంజనేయస్వామి, కమలం బొమ్మలతో, 1616, 1717, 1818 లాంటి తేదీలతో, ఇంగ్లీషులో ఈస్ట్ ఇండియా కంపెనీ అని రాసి ఉండే ఇత్తడి, రాగి బిళ్ళలు ఏ టంకశాలవీ కావు, తర్వాతి కాలపు తయారీ. కంపెనీ దేశమంతటికీ ఒకే తీరు నాణేలు తెచ్చింది 1835లో. అంతకుముందు ఉత్తరాదిన మొగలు చక్రవర్తి పేరుతో పారసీలోనే కొట్టేది. దేవుడి బొమ్మతో కంపెనీ నాణెం లేనే లేదా అంటే ఉంది, అదీ మన మద్రాసు ప్రెసిడెన్సీలోనే. 1808 ప్రాంతపు వెండి పావు వరహా మీద ఒకవైపు గోపురం, రెండోవైపు విష్ణుమూర్తి, చుట్టూ తెలుగులో, తమిళంలో రాత. అది చూడటానికి మీ బిళ్ళలా అస్సలు ఉండదు. ఇక కోట్లు ఇస్తామనేవాళ్ళు ముందుగా పరీక్ష ఫీజనీ, పన్ననీ మీ దగ్గర డబ్బు అడుగుతారు. బియ్యం లాక్కునే శక్తి ఉందని చూపించే రైస్ పుల్లింగ్ వ్యవహారం కూడా ఇదే కోవది. బియ్యానికి ఇనుప రజను పట్టిస్తే అయస్కాంతం దగ్గరికి కదలక ఏం చేస్తాయి? రిజర్వు బ్యాంకు పాత నాణేలు, నోట్ల వ్యాపారంలో లేదు, తన పేరు చెప్పి కమిషన్లు అడిగేవాళ్ళను నమ్మొద్దని 2021లో అదే ప్రకటన ఇచ్చింది.

ప్రశ్న: మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. తాతగారి రూపాయలు పది అతనికి ఇచ్చి పంపొచ్చా?

ఇంట్లో దాచుకోండి, ఇక్కడే ఇంకొకరికి ఇవ్వండి, ఇబ్బంది లేదు. దేశం దాటించడం వేరు. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన నాణెం పురావస్తువే, దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం బయటికి తీసుకెళ్ళకూడదు. 1862 నాణెం అందులోకే వస్తుంది. చేతిసంచిలో ఒక్కటే కదా అన్నా అదే నియమం. 1940ల నాటి రూపాయలైతే ఇంకా వందేళ్ళు నిండలేదు, కానీ విమానాశ్రయంలో వయసు నిరూపించుకోవాల్సింది మీరే. పురావస్తువు కాదని భారత పురావస్తు శాఖ నుంచి పత్రం ముందే తీసుకోవడం మంచిది. ఇంటి పునాది తవ్వుతుంటే దొరికినవైతే చట్టం ఇంకొకటి, 1878 నాటిది. విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలి.

ప్రశ్న: మా రూపాయి మీద బంగారు పూత ఉంది. గీసి తీసేస్తే విలువ పెరుగుతుందా?

తీయకండి. నగ కోసం వేయించిన పూత అది. పూత ఉన్నా లేకున్నా రకం మారదు, తేదీ మారదు, సేకర్తల ధర మాత్రం పూత వేసిన రోజే తగ్గిపోయింది. గీస్తే కింది వెండి కూడా గీసుకుపోతుంది, అప్పుడు రెండు లోపాలవుతాయి. పూతలో బంగారం సాధారణంగా చాలా పలచన, దాన్ని రాబట్టే ఖర్చు కూడా రాదు. నీళ్ళ పరీక్ష చేసేటప్పుడు మాత్రం ఒకటి చూసుకోండి: నగ కోసం అతికించిన కొక్కెం ఇంకా ఉంటే దాని బరువు, టంకం బరువు లెక్కలోకి వచ్చేస్తాయి. అప్పుడు 11.66 పైన వస్తుంది, సాంద్రత లెక్క కూడా తప్పుతుంది. కొక్కెం ఉందని రాసి, ఉన్నదున్నట్టుగా ఫొటో తీసి పంపండి చాలు.